వ్యాపార లైసెన్సు రికార్డులో తప్పును సరిచేయించుకోవడం: ఆధారాల ఎంపిక నుంచి సవరణ ఉత్తర్వు వరకు

లైసెన్సులో ఒక అంకె తప్పు పడింది, సరైన అంకె ఏదో చూపే కాగితాలు చేతిలో ఉన్నాయి, అయినా సవరణ దరఖాస్తు తిరిగి వచ్చింది. ఎందుకు అన్న ప్రశ్న పాఠకుల నుంచి తరచుగా వస్తోంది. జతచేసిన కాగితాలను చూస్తే కారణం చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. అవి ఈ రోజు ఏది నిజమో చెబుతాయి. శాఖకు కావలసింది మాత్రం, రికార్డు రాసిన రోజున ఏది నిజమో చెప్పే ఆధారం.

ఈ మార్గదర్శి పేరు, చిరునామా, తేదీ, వ్యాపార రకం వంటి వివరం మొదటి నుంచే తప్పుగా నమోదైన సందర్భానికి పరిమితం. ఫారాల పేర్లు, రుసుములు, గడువులు శాఖను బట్టి మారుతాయి కాబట్టి వాటిని మీ శాఖ నియమాలలో చూసుకోవాలి. ఆధారాన్ని ఎంచుకునే తీరు, పనుల వరుస మాత్రం దాదాపు అన్ని చోట్లా ఒకటే.

మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణను వాడుకుందాం. ఇందులోని వివరాలు కల్పితం. ఒక చిన్న ముద్రణాలయం 84వ సంఖ్య గల భవనంలో నడుస్తోంది. అద్దె ఒప్పందం 12-2-2021న కుదిరింది, లైసెన్సు కోసం 3-3-2021న దరఖాస్తు పెట్టారు, 20-4-2021న లైసెన్సు వచ్చింది. మూడేళ్ల తరువాత రెన్యువల్ సమయంలో ఫారం తెరిస్తే భవన సంఖ్య 48 అని కనిపించింది.

## 1. ఇది సవరణా, మార్పా అన్నది ముందు తేల్చుకోండి

వివరం మొదటి రోజు నుంచే తప్పుగా ఉంటే అది సవరణ. మొదట సరిగా ఉండి, తరువాత పరిస్థితి మారితే అది మార్పు. చాలా శాఖలలో ఈ రెండింటికీ వేర్వేరు ఫారాలు ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, వాటి ఫలితం వేరుగా ఉంటుంది. సవరణ సాధారణంగా లైసెన్సు ఇచ్చిన తేదీ నుంచే వర్తించేలా నమోదవుతుంది. మార్పు ఆమోదం పొందిన తేదీ నుంచి మాత్రమే అమలవుతుంది.

మన ముద్రణాలయం తొందరపడి చిరునామా మార్పు ఫారం నింపిందనుకోండి. రికార్డులో 84 అని వస్తుంది, పని అయిపోయినట్లే కనిపిస్తుంది. కానీ ఆ రికార్డు ప్రకారం ముద్రణాలయం మూడేళ్లు 48లో నడిచి, ఇప్పుడు 84కు మారింది. అంటే ఆ మూడేళ్లూ 84లో లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినట్లు కాగితం మీద తేలుతుంది. తరువాత బీమా పరిహారం కోరినప్పుడో, తనిఖీ జరిగినప్పుడో ఆ ఖాళీకి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మార్పు ఫారం సులువుగా ఉందని కౌంటర్ దగ్గర ఎవరైనా సలహా ఇచ్చినా, తప్పు మొదటి నుంచి ఉన్నదైతే ఆ దారి పట్టకండి.

దీనికి విరుద్ధమైన సందర్భం కూడా ఒకటి ఉంది. లైసెన్సు ఇచ్చిన తరువాత స్థానిక సంస్థ వీధిలోని భవనాలకు కొత్త సంఖ్యలు ఇచ్చి ఉంటే, పాత సంఖ్య తప్పు కాదు. అప్పుడు చేయవలసింది మార్పు దరఖాస్తే. దానికి పాత, కొత్త సంఖ్యలు రెండూ ఒకే భవనానివని చెప్పే ధ్రువపత్రం జతచేయాలి.

కొత్త లైసెన్సుకే దరఖాస్తు పెట్టుకోవడం మరో పొరపాటు. ఒకే వ్యాపారానికి రెండు రికార్డులు ఏర్పడతాయి, తొలి లైసెన్సు తేదీ పోతుంది, పాత రికార్డు మీద బకాయిలు పేరుకుపోతూ ఉంటాయి. ఆ చిక్కును విప్పడం అసలు తప్పును సరిచేయించుకోవడం కంటే కష్టం.

## 2. తప్పు ఎక్కడ పుట్టిందో కనిపెట్టండి

లైసెన్సు రికార్డు అని మనం ఒకే మాటతో చెప్పుకునేది నిజానికి నాలుగు చోట్ల ఉంటుంది: మీరు ఇచ్చిన దరఖాస్తు, దాని మీద శాఖ నడిపిన ఫైలు, కంప్యూటర్‌లోని నమోదు లేదా రిజిస్టరు, చివరగా మీ చేతికి వచ్చిన ధ్రువపత్రం. వీటిలో ఏ చోట తప్పు మొదలైందో తెలియకుండా రాసిన దరఖాస్తు గురి లేకుండా పోతుంది.

ధ్రువపత్రాన్ని, శాఖ వెబ్‌సైటులో కనిపించే వివరాలను పక్కపక్కన పెట్టి చూడండి. నమోదు సరిగా ఉండి, ధ్రువపత్రంలో మాత్రమే తప్పు ఉంటే మళ్లీ ముద్రించి ఇమ్మని కోరడంతో సరిపోతుంది. అక్కడితో పని ముగుస్తుంది. నమోదులోనే తప్పు ఉంటే మీ పాత దరఖాస్తు ప్రతిని బయటికి తీయండి. అది దొరకకపోతే, మీ దరఖాస్తుకు, దానికి జతచేసిన పత్రాలకు, స్థల తనిఖీ నివేదికకు ధ్రువీకరించిన నకళ్లు ఇమ్మని శాఖను రాతపూర్వకంగా కోరండి. సమాచారం పొందే హక్కు చట్టం ఉన్న చోట ఆ చట్టం కింద కూడా అడగవచ్చు.

ఈ నకలు కోసం కొంత కాలం ఆగవలసి వచ్చినా ఆగడమే మేలు. ఎందుకంటే మీ దరఖాస్తు సారాంశం మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. మీరు రాసిన దరఖాస్తులో 84 అని ఉండి నమోదులో 48 అని ఉంటే, అది శాఖ నమోదులో దొర్లిన తప్పు. దానికి చాలా చోట్ల రుసుము ఉండదు, విచారణ కూడా చిన్నదిగా ఉంటుంది. మీ దరఖాస్తులోనే 48 అని ఉంటే అది దరఖాస్తుదారు పొరపాటు. సవరణ సాధ్యమే, కానీ వివరణ, ప్రమాణపత్రం, ఒక్కోసారి మళ్లీ తనిఖీ అవసరమవుతాయి.

మన ఉదాహరణలో నకలు తెప్పించి చూస్తే దరఖాస్తులో 84 అనే ఉంది. తనిఖీ నివేదికలోనూ 84 అనే ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారయ్యాయి.

## 3. ఆధారాలను తేదీని బట్టి, మూలాన్ని బట్టి ఎంచుకోండి

ప్రతి కాగితాన్నీ చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేయండి. ఇది లైసెన్సు ఇచ్చిన రోజుకు ముందు పుట్టిందా? ఇందులోని వివరం లైసెన్సు నుంచి కాకుండా వేరే చోటు నుంచి వచ్చిందా? రెండింటికీ అవునని జవాబు వస్తేనే అది గట్టి ఆధారం.

మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. ముద్రణాలయం యజమాని దగ్గర గత నెల కరెంటు బిల్లు ఉంది, దాని మీద 84 అని స్పష్టంగా ఉంది. ఆ బిల్లు గత నెలలో వ్యాపారం 84లో ఉందని మాత్రమే చెబుతుంది. 2021లో 48లో ఉండి, తరువాత మారి ఉండవచ్చు కదా అని అధికారి అడిగితే బిల్లు దగ్గర జవాబు లేదు. 12-2-2021 నాటి అద్దె ఒప్పందం దగ్గర ఆ జవాబు ఉంది. పాత ఒప్పందాన్ని, తాజా బిల్లును కలిపి చూపిస్తే ఆధారం ఇంకా బలపడుతుంది: ఒప్పందం అప్పటి స్థితిని, బిల్లు మధ్యలో మార్పేమీ జరగలేదన్న సంగతిని చూపుతాయి. బిల్లు ఒక్కటే పెట్టడమే పొరపాటు.

పేరులోని అక్షరాల తప్పులకు ఇదే సూత్రం మరింత కచ్చితంగా వర్తిస్తుంది. లైసెన్సు తరువాత తిరిగి జారీ అయిన గుర్తింపు కార్డును చూపిస్తే, పేరును ఆ తరువాతే మార్చుకున్నారని అధికారి భావించవచ్చు. దరఖాస్తుతో అప్పట్లో జతచేసిన పాత కార్డు నకలో, అంతకు ముందు నాటి విద్యార్హత పత్రమో ఉండాలి.

రెండవ ప్రశ్న మరింత సూక్ష్మమైనది. వ్యాపారం పేరిట తెరిచిన బ్యాంకు ఖాతా, పన్ను నమోదు, బీమా పాలసీ వంటివి చాలావరకు లైసెన్సును చూసి రాసినవే. ముద్రణాలయం బ్యాంకు పత్రంలో 48 అని ఉండటానికి కారణం బ్యాంకు లైసెన్సును నకలు చేసుకోవడమే. అలాంటి పత్రం మీకు వ్యతిరేకంగా కనిపించినా అది స్వతంత్ర సాక్ష్యం కాదు; ఆ మాటను దరఖాస్తులోనే చెప్పుకోవాలి. దాచిపెడితే, పరిశీలనలో బయటపడిన రోజున అనుమానం పెరుగుతుంది. మరోవైపు, లైసెన్సును చూసి రాసిన పత్రం మీకు అనుకూలంగా ఉన్నా దాని బలం అంతంతమాత్రమే.

అన్నింటికంటే బలమైనది శాఖ తన చేత్తో రాసుకున్న కాగితం. తనిఖీ అధికారి స్వయంగా వచ్చి చూసి 84 అని రాసిన నివేదిక ఫైలులో ఉంటే, శాఖ రికార్డే శాఖ నమోదును తప్పని చెబుతున్నట్లు. దాని తరువాతి స్థానం మీ దరఖాస్తు నకలుది, ఆ తరువాత ఆస్తి పత్రం, అద్దె ఒప్పందం, ఆస్తి పన్ను రసీదు వంటివాటిది.

ప్రమాణపత్రం గురించి ఒక మాట. నోటరీ ముందు సంతకం చేసిన అఫిడవిట్ మీ వివరణకు బరువునిస్తుంది కానీ పత్రాల స్థానాన్ని భర్తీ చేయదు. మీ దరఖాస్తులోనే పొరపాటు జరిగినప్పుడు, లేదా పాత పత్రం పోయినప్పుడు అది అవసరమవుతుంది. మీకు స్వయంగా తెలిసిన సంగతులే అందులో రాయండి. గుమస్తా ఎలా తప్పు చేసి ఉంటాడన్న ఊహను ప్రమాణం చేసి చెప్పకూడదు.

ఎంపిక పూర్తయ్యేసరికి మీ దగ్గర ఇవి ఉండాలి:

- లైసెన్సు ధ్రువపత్రం నకలు, వెబ్‌సైటులోని నమోదు ముద్రిత ప్రతి. దాని మీద తీసిన తేదీ ఉండాలి
- అసలు దరఖాస్తు నకలు, దాని రసీదు
- లైసెన్సుకు ముందు నాటి స్వతంత్ర పత్రం కనీసం ఒకటి
- ఇప్పటికీ అదే వివరం కొనసాగుతున్నదని చూపే తాజా పత్రం ఒకటి
- దరఖాస్తుదారు గుర్తింపు పత్రం. వేరొకరు సంతకం చేస్తే అధికార పత్రం

పది కాగితాలు పోగు చేయవలసిన పని లేదు. ఒక్కొక్క పత్రంలో చిరునామా రాసే తీరు కొద్దిగా తేడాగా ఉంటే, ఎక్కువ పత్రాలు పెట్టినకొద్దీ కొత్త అభ్యంతరాలకు చోటిచ్చినట్లవుతుంది. జతచేసే ప్రతి పత్రాన్నీ మొదటి పంక్తి నుంచి చివరి దాకా చదివి, మిగిలిన వివరాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూసుకోండి.

## 4. దరఖాస్తు రాయండి

ఒక దరఖాస్తులో ఒకే తప్పు ఉండాలి, లేదా ఒకే కారణం వల్ల పుట్టిన తప్పులు ఉండాలి. సవరణతో పాటు వ్యాపార రకం కూడా మార్చమని అదే కాగితంలో కోరితే, ఆ రెండవ కోరిక తేలే వరకు మొదటిదీ ఆగిపోతుంది.

ముందుగా పట్టిక రాయండి. అధికారి మొదట చూసేది దాన్నే.

| అంశం | రికార్డులో ఉన్నది | ఉండవలసినది | ఆధారం |
|---|---|---|---|
| వ్యాపార స్థలం, భవన సంఖ్య | 48 | 84 | అనుబంధం 1, పేజీ 2, అనుబంధం 2, అనుబంధం 3, పేజీ 1 |

రికార్డులో ఉన్న వివరాన్ని ఉన్నది ఉన్నట్లుగా, చుక్క, విరామ చిహ్నం సహా ఎక్కించాలి. ఉండవలసిన వివరాన్ని ఆధార పత్రంలో ఎలా ఉందో అలాగే రాయాలి. "ఉండవలసినది" అన్న గడిలో మీరు రాసే అక్షరాలే రేపు నమోదులోకి వెళతాయి.

ఇక లేఖ. మన ఉదాహరణకు అది ఇలా ఉంటుంది:

> లైసెన్సింగ్ అధికారి గారికి,
>
> విషయం: లైసెన్సు సంఖ్య ........ నమోదులో భవన సంఖ్య "48" అని తప్పుగా ఉన్నందున "84" అని సరిచేయమని కోరుట.
>
> సూచిక: 1) 3-3-2021 నాటి మా దరఖాస్తు, రసీదు సంఖ్య ........ 2) 20-4-2021 నాటి లైసెన్సు.
>
> ఆర్యా,
>
> పై లైసెన్సు కింద మా ముద్రణాలయం ప్రారంభం నుంచి నేటి వరకు 84వ సంఖ్య గల భవనంలోనే నడుస్తున్నది. సూచిక 1లోని దరఖాస్తులోనూ, తమ శాఖ స్థల తనిఖీ నివేదికలోనూ భవన సంఖ్య 84 అనే ఉన్నది (అనుబంధాలు 1, 2). లైసెన్సుకు ముందు, 12-2-2021న కుదిరిన అద్దె ఒప్పందంలోనూ అదే సంఖ్య ఉన్నది (అనుబంధం 3). అయితే లైసెన్సు నమోదులో ఆ సంఖ్య 48గా నమోదైనది. రెన్యువల్ ఫారం నింపుతుండగా ఈ సంగతి మా దృష్టికి వచ్చినది.
>
> మా బ్యాంకు ఖాతా పత్రంలో 48 అని ఉన్నది. అది లైసెన్సు ఆధారంగా 2021 మే నెలలో రాసినది.
>
> మేము స్థలం మారలేదు. ఇది చిరునామా మార్పు కోరే దరఖాస్తు కాదు. కావున నమోదులోని భవన సంఖ్యను లైసెన్సు జారీ అయిన 20-4-2021 నుంచి వర్తించేలా 84గా సరిచేసి, సవరణ ఉత్తర్వును, సవరించిన ధ్రువపత్రాన్ని ఇప్పించవలసినదిగా కోరుతున్నాము.

ఈ లేఖలో చివరి వాక్యం కీలకం. అందులో మూడు కోరికలు ఉన్నాయి: నమోదు సవరణ, అది వర్తించే తేదీ, లిఖితపూర్వక ఉత్తర్వు. తేదీని అడగకపోతే సవరణ చేసిన రోజే నమోదులోకి ఎక్కే ప్రమాదం ఉంది. ఉత్తర్వును అడగకపోతే కొత్త ధ్రువపత్రం ఒక్కటే చేతికి వస్తుంది, సంఖ్య ఎందుకు మారిందో చెప్పే కాగితం ఉండదు.

ఎవరి నిర్లక్ష్యం వల్ల ఇలా జరిగిందన్న చర్చ లేఖలో వద్దు. నష్టాలు, ఇబ్బందులు ఏకరువు పెట్టడమూ అనవసరం. ఏదైనా గడువు దగ్గరపడుతుంటే మాత్రం ఆ తేదీని ఒక్క వాక్యంలో చెప్పండి.

పొరపాటు దరఖాస్తుదారుదే అయితే రెండవ, మూడవ వాక్యాలు మారతాయి: "దరఖాస్తులో భవన సంఖ్యను 84కు బదులు 48 అని పొరపాటున రాశాము. దరఖాస్తుతో జతచేసిన 12-2-2021 నాటి అద్దె ఒప్పందంలో సరైన సంఖ్య 84 ఉన్నది." ఇంత స్పష్టంగా ఒప్పుకోవడం వల్ల పని చెడదు. శాఖే తప్పు చేసిందని రాసి, ఫైలులో మీ చేతిరాతతో 48 అని దొరికితే పని చెడుతుంది.

## 5. అనుబంధాలను కూర్చి సమర్పించండి

ప్రతి అనుబంధానికీ సంఖ్య వేయండి, పేజీలన్నింటికీ వరుస సంఖ్యలు ఇవ్వండి, వివరం ఉన్న పంక్తి ఎదురుగా అంచులో పెన్సిలుతో గీత పెట్టండి. అధికారి ఫైలులో దాని కోసం వెతకవలసిన పని ఉండకూడదు. నకళ్లే ఇవ్వండి, అసలు పత్రాలను పరిశీలనకు చూపించి, వెంటనే తిరిగి తీసుకోండి. శాఖ ధ్రువీకరించిన నకళ్లు కోరితే స్వీయ ధ్రువీకరణ చాలునో, గెజిటెడ్ అధికారి లేదా నోటరీ సంతకం కావాలో ముందే కనుక్కోండి. పత్రం వేరే భాషలో ఉంటే శాఖ ఆమోదించే అనువాదాన్ని మూలంతో కలిపి పెట్టాలి.

ఆన్‌లైన్‌లో సమర్పించేటప్పుడు ఒక్కొక్క అనుబంధాన్ని ఒక్కొక్క ఫైలుగా, లేఖలోని సంఖ్యతోనే పేరు పెట్టి ఎక్కించండి. ఫైలు పరిమాణం తగ్గించిన తరువాత దాన్ని తెరిచి, చిన్న అంకెలు చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో చూడండి. వివాదమే అంకెల గురించి అయినప్పుడు మసకబారిన 84ను 34గా చదివే అవకాశం ఇవ్వకూడదు. ఫారంలో కారణం రాసే పెట్టె చిన్నదిగా ఉంటే, లేఖలోని విషయ వాక్యాన్ని మాత్రం అక్కడ రాసి, పూర్తి లేఖను మొదటి అనుబంధానికి ముందు జతచేయండి.

మీ దగ్గరున్న లైసెన్సు ధ్రువపత్రం మీద కలంతో దిద్దవద్దు, స్కాన్ చేసిన ప్రతిలో అంకె మార్చవద్దు. సదుద్దేశంతో చేసినా అది పత్రాన్ని తారుమారు చేయడం కిందికే వస్తుంది.

రసీదు తీసుకోనిదే కౌంటర్ వదలకండి. మీ ప్రతి మీద శాఖ ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ సంఖ్య ఉండాలి. ఆన్‌లైన్‌లో అయితే దరఖాస్తు సంఖ్య కనిపించే పేజీని, తరువాత వచ్చే ఈమెయిలును భద్రపరచండి. డబ్బు చెల్లించినట్లు వచ్చే సందేశం దరఖాస్తు అందినట్లు రసీదు కాదు. రెండూ వేరువేరుగా ఉండాలి.

## 6. సవరణ తేలేలోగా రెన్యువల్ గడువు వస్తే

సవరణ దరఖాస్తు పెండింగులో ఉన్నంత మాత్రాన రెన్యువల్ గడువు ఆగుతుందని అనుకోకండి. నియమాలలో స్పష్టంగా అలా ఉంటే తప్ప గడువు తన దారిన నడుస్తూనే ఉంటుంది. సవరణ కోసం ఎదురుచూస్తూ లైసెన్సు గడువు దాటిపోతే, సరిచేయవలసిన తప్పు చిన్నదిగానే ఉండి, లైసెన్సు లేకపోవడమన్న సమస్య దాని మీదికి వస్తుంది.

అయితే రెన్యువల్ ఫారంలో పాత వివరాలు ముందే నిండి వస్తాయి, కింద "పై వివరాలన్నీ నిజమే" అన్న ప్రకటన ఉంటుంది. తప్పని తెలిసి 48 మీద మౌనంగా సంతకం చేస్తే, ఆ సంతకమే తరువాత మీ సవరణ కోరికకు ఎదురు నిలుస్తుంది. కాబట్టి రెన్యువల్ దరఖాస్తుతో పాటు ఒక చిన్న గమనిక జతచేయండి: "భవన సంఖ్య సవరణకు ఈ తేదీన దరఖాస్తు చేశాము, రసీదు సంఖ్య ఇది, మా ప్రకటన ఆ అంశానికి వర్తించదు." పోర్టల్‌లో అలాంటి జాగా లేకపోతే, సమర్పించిన రోజే అదే మాటను విడిగా లేఖ రూపంలో ఇచ్చి, దానికి కూడా రసీదు తీసుకోండి.

ఈలోగా తనిఖీకి ఎవరైనా వస్తే చూపడానికి సవరణ దరఖాస్తు ప్రతిని, రసీదును లైసెన్సుతో పాటు వ్యాపార స్థలంలోనే ఉంచండి.

## 7. ప్రశ్నలు వచ్చినా, తిరస్కరించినా

సేవల గడువును శాఖ ప్రకటించి ఉంటే ఆ తేదీ దాటిన మరునాడు, ప్రకటించకపోతే 30 రోజుల తరువాత, రసీదు సంఖ్యతో రాతపూర్వకంగా స్థితి అడగండి. ఫోనులో మాట్లాడితే తేదీ, మాట్లాడిన అధికారి హోదా, చెప్పిన సంగతి రాసిపెట్టుకోండి.

శాఖ అదనపు పత్రం కోరితే అడిగినదానికే జవాబు ఇవ్వండి. ప్రశ్న సంఖ్య, దాని కింద జవాబు, దానికి అనుబంధం అన్న వరుస చాలు. అడిగిన పత్రం మీ దగ్గర లేకపోతే లేదనే చెప్పి, అదే సంగతిని చూపే మరో పత్రాన్ని ఇవ్వండి. జవాబుకు పెట్టిన గడువు దాటితే చాలా పోర్టల్‌లు దరఖాస్తును వాటంతట అవే మూసివేస్తాయి.

తిరస్కరణ వస్తే ముందు కారణాన్ని చదవండి. తరచుగా వచ్చే మూడు కారణాలు, వాటికి చేయవలసిన పని ఇవి.

"ఆధారం చాలదు." చాలావరకు తేదీల సమస్య. మూడవ భాగంలోని రెండు ప్రశ్నలు ప్రతి అనుబంధానికీ మళ్లీ వేసి, లైసెన్సుకు ముందు నాటి పత్రంతో తిరిగి దరఖాస్తు చేయండి.

"మార్పు ఫారంలో దరఖాస్తు చేయాలి." వివరం మొదటి నుంచి తప్పుగా ఉందని చూపే పత్రాలు ఫైలులోనే ఉన్నాయని, ఏ పేజీలో ఉన్నాయో చెబుతూ పునఃపరిశీలన కోరండి. పోర్టల్‌లో సవరణకు వేరే ఫారం లేకపోవడమే కారణమైతే, మార్పు ఫారాన్నే వాడవలసి రావచ్చు; అప్పుడు కారణం గడిలో "మొదటి నమోదులోని తప్పు సవరణ, వ్యాపార స్థలం మారలేదు" అని రాసి, పాత తేదీ నుంచి వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇమ్మని విడిగా కోరాలి.

"ఈ కార్యాలయానికి అధికారం లేదు." ఏ అధికారికి ఉందో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. వేరే శాఖ రికార్డు నుంచి ఆ వివరం తనంతట తానుగా వచ్చి చేరే వ్యవస్థ అయితే, ముందు ఆ మూల రికార్డును సరిచేయించాలి. లేకపోతే ఇక్కడ దిద్దినా, తరువాతి డేటా మార్పిడిలో పాత తప్పు తిరిగి వస్తుంది.

కారణం చెప్పకుండా తిరస్కరిస్తే కారణాలతో కూడిన ఉత్తర్వు కోరండి. అప్పీలుకు గడువు సాధారణంగా ఉత్తర్వు అందిన రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి, కవరును, ఈమెయిలును పారేయకండి. తిరస్కరించిన వెంటనే అవే పత్రాలతో మరో దరఖాస్తు పెడితే అప్పీలు గడువు దాటిపోవచ్చు, ఫలితమూ మారదు.

## 8. సవరణ చేతికి వచ్చాక

కొత్త ధ్రువపత్రాన్ని పాతదానితో గడి గడిగా పోల్చండి. సరిచేయమన్న అంకెను దిద్దుతూ మొత్తం చిరునామాను మళ్లీ ఎక్కించి ఉండవచ్చు; వీధి పేరులో కొత్త తప్పు అక్కడే దొర్లుతుంది. తరువాత ఈ నాలుగు చూడండి:

- లైసెన్సు సంఖ్య, తొలి జారీ తేదీ మారకుండా ఉన్నాయా
- సవరణ 20-4-2021 నుంచి వర్తిస్తుందని ఉత్తర్వులో ఉందా
- వెబ్‌సైటులోని బహిరంగ వివరాలలోనూ 84 అని వచ్చిందా
- రెన్యువల్ ఫారం తెరిస్తే ఇప్పుడు 84 కనిపిస్తోందా

చివరిది చాలామంది చూడరు. ధ్రువపత్రాన్ని సరిగా ముద్రించి ఇచ్చి, నమోదును దిద్దకుండా వదిలేసిన సందర్భంలో, వచ్చే రెన్యువల్‌తో 48 తిరిగి ధ్రువపత్రం మీదికి వస్తుంది. తేడా కనిపిస్తే ఉత్తర్వు సంఖ్యను పేర్కొంటూ వెంటనే రాయండి. అప్పటికి నిర్ణయం జరిగిపోయింది కాబట్టి కొత్త ఆధారాలు అక్కరలేదు.

ఆ తరువాతే బ్యాంకు, పన్ను శాఖ, బీమా సంస్థ వంటి చోట్లకు సవరణ ఉత్తర్వు నకలును పంపండి. ముందే పంపితే వారు లైసెన్సుతో పోల్చి చూసి, సరిపోలడం లేదని తిప్పి పంపుతారు. బీమా సంస్థ నుంచి మాత్రం పాలసీలోని చిరునామాను మొదటి తేదీ నుంచి సరిచేసినట్లు లిఖితపూర్వక ధ్రువీకరణ తీసుకోండి, ఎందుకంటే పాలసీ ఏ భవనానికి వర్తిస్తుందన్న ప్రశ్న దాని మీదే తేలుతుంది.

పాత ధ్రువపత్రాన్ని శాఖ తిరిగి ఇమ్మంటే, నకలు తీసుకుని ఇవ్వండి. ఇవ్వవలసిన అవసరం లేకపోతే, దాని నకలు మీద సవరణ ఉత్తర్వు సంఖ్య, తేదీ రాసి ఉత్తర్వుతో కలిపి ఒకే ఫైలులో ఉంచండి. 2021 నుంచి ఇప్పటి వరకు 48 అన్న చిరునామాతో చేసుకున్న ఒప్పందాలు, ఇచ్చిన బిల్లులు మిగిలే ఉంటాయి; అవి 84లోని ముద్రణాలయానివేనని చూపవలసి వచ్చినప్పుడు ఆ రెండు కాగితాలూ కలిసి కావాలి.